పండుగ శుభాకాంక్షల్లోంచి ప్యాకేజీని తీయించడానికి నానా తంటాలు

నిన్న రాత్రి మా క్లినిక్ పండుగ శుభాకాంక్షలు అందరికీ వెళ్లిపోయాయి. ఇప్పటికి ఊపిరి పీల్చుకున్నాను. రాయడం తేలికే, నాలుగు మాటలు. నాకు చుక్కలు చూపించింది మా ప్రచారం పనులు చూసే ఏజెన్సీ.

వాళ్లు పంపిన కార్డులో సగం నా ఫొటోనే. అడుగున "ఫుల్ బాడీ చెకప్‌పై పండుగ తగ్గింపు". తీసేయమంటే దాని బదులు "నేడే అపాయింట్‌మెంట్ తీసుకోండి" అని పెట్టారు. అదీ వద్దన్నాను. ఆ ఏజెన్సీ కుర్రాడు మా సిబ్బంది ముందే, "ఏమీ చెప్పకుండా మెసేజ్ ఎందుకు సార్? మార్కెటింగ్ మీకు తెలీదు" అనేశాడు. తల కొట్టేసినట్టయింది. బయాప్సీ రిపోర్టు కోసం టెన్షన్‌తో ఎదురుచూస్తున్న మనిషికి నా క్లినిక్ నుంచి తగ్గింపు కబురు వెళ్లాలా? పండుగ పూట పలకరించడానికి ఇంకో కారణం కావాలా?

కార్డు పక్కన పడేసి నేనే రాశాను: "నమస్తే. మీకు, మీ ఇంటిల్లిపాదికీ పండుగ శుభాకాంక్షలు. మీ బాధ మమ్మల్ని నమ్మి చెప్పుకున్నందుకు, రద్దీ రోజుల్లో ఓపిగ్గా కూర్చున్నందుకు కృతజ్ఞతలు. పండుగ రోజు క్లినిక్‌కి సెలవు. రోజూ వేసుకునే మందులు సరిపడా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. అత్యవసరమైతే మా కోసం ఆగకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి."

సెలవు సంగతి అమ్మకం కాదు. అది రాయకపోతే డ్రెస్సింగ్ మార్పించుకోవాల్సినవాళ్లు తాళం చూసి వెనక్కి పోతారు. జబ్బు పేరు మాత్రం ఎక్కడా రాయకూడదు. "మీ షుగర్ అదుపులో ఉండాలి" అని ప్రేమగానే రాస్తాం, కానీ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకేం తెలుసు? "మళ్లీ కలుద్దాం" కూడా వద్దు. క్లినిక్‌కి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు.

పంపేముందు మా రిసెప్షన్ అమ్మాయి రిజిస్టర్ దగ్గర పెట్టుకుని, చనిపోయినవారి నంబర్లు తీసేసింది. ఈ పని ఎవరూ మానకండి. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టొద్దు, ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడాం. అయితే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే అదే మాట పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్ దగ్గర కూడా అంటించాం.

సిబ్బందికి వేరుగా, చేత్తో రాశాను. "మీ సేవలకు ధన్యవాదాలు" అని అందరికీ ఒకే వాక్యం ఇస్తే ఎవరికీ ఇచ్చినట్టు కాదు. సిస్టర్‌కి, "సూది చూసి ఏడ్చే పిల్లల్ని మీరు మాటల్లో పెట్టే తీరు నాకు రాదమ్మా" అని రాశాను. శుభ్రం చేసే పెద్దావిడకి చదువు రాదు, పక్కన కూర్చుని నేనే చదివి వినిపించాను. సెలవుల చార్టు మాత్రం అందులో కలపలేదు, విడిగా ఇచ్చాను.

వచ్చే పండుగకి ఆ ఏజెన్సీకి ఫోన్ చేసేది లేదు.