పెద్దనాన్నగారి నడుం నొప్పి, ఇటాలియన్ మందుల కాగితం

గుంటూరులో బీఫార్మసీ చేసి ఇప్పుడు ఇటలీలోని పదోవాలో పీజీ చదువుతున్నాను కాబట్టి, ఇటలీకి టూర్ వచ్చే మనవాళ్ల నుంచి నాకు మందుల డబ్బాల ఫొటోలు వస్తూ ఉంటాయి. ఈసారి వచ్చింది నా స్నేహితురాలి పెద్దనాన్నగారిది. ఆయనకు 67 ఏళ్లు, హైదరాబాద్ నుంచి గ్రూప్ టూర్‌లో వచ్చారు. వెనిస్‌లో సూట్‌కేసు ఎత్తబోతే నడుం పట్టేసింది. అక్కడ చూసిన డాక్టరు కీటోప్రొఫెన్ లైసిన్ సాల్ట్, 80 మిల్లీగ్రాముల పొడి పొట్లాలు రాశారు. మర్నాడు సాయంత్రానికి బస్సు స్విట్జర్లాండ్‌లో ఉంటుంది. డబ్బాలోని కాగితం తేలిక ఇంగ్లీషులో రాసిపెట్టమన్నారు. ఆయన చదువుకోవాలి, హైదరాబాద్‌లో ఫ్యామిలీ డాక్టరుకు పంపాలి, అవసరమైతే స్విట్జర్లాండ్‌లోనూ చూపించాలి. అందుకే తెలుగులో రాస్తానన్నా వద్దన్నారు.

ఫొటోలో కాగితం మడతల దగ్గర అక్షరాలు పోయాయి. ఇలాంటప్పుడు ఊహించి పూరించకూడదు. ఇటలీ మందుల నియంత్రణ సంస్థ ఐఫా వెబ్‌సైటులో మందు పేరు కొడితే ఆ కాగితం పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అయితే ఒకే మందును చాలా కంపెనీలు చేస్తాయి, ఒక్కో కంపెనీలోనూ 40, 80 అని రకాలుంటాయి. కంపెనీ పేరు, మోతాదు, పొట్లమా మాత్రా అన్నది మూడూ డబ్బాతో సరిపోయాకే చదవడం మొదలుపెట్టాను. ఇంకో సౌకర్యం ఏమిటంటే, యూరప్ యూనియన్‌లో ఈ కాగితాలన్నీ ఒకే మూసలో ఆరు భాగాలుగా ఉంటాయి: మందు దేనికి, వాడేముందు తెలుసుకోవాల్సినవి, ఎలా వాడాలి, దుష్ఫలితాలు, ఎలా దాచాలి, డబ్బాలో ఏముంది. శీర్షికలకూ మామూలు వాక్యాలకూ అధికారికంగా ఇంగ్లీషు రూపం ఉండనే ఉంది. వాటిని నేను కొత్తగా రాయలేదు.

ముందు మోతాదు. కాగితంలో పెద్దవాళ్లకు రోజుకు మూడుసార్లు, ఒక్కో పొట్లం, భోజనంతో పాటు అని ఉంది. వయసు మళ్లినవాళ్లకు ఎంతివ్వాలో డాక్టరు చూసి తగ్గించవచ్చని కూడా ఉంది. డాక్టరు చీటీలో రెండుసార్లే రాశారు, ఉదయం టిఫిన్ తర్వాత, రాత్రి భోజనం తర్వాత. ఈ రెండింటినీ కలిపేస్తే చదివేవాళ్లు తమకు నచ్చింది తీసుకుంటారు. అందుకని డాక్టరు మాట పైన పెద్ద అక్షరాల్లో పెట్టి, కింద ‘కాగితంలో సాధారణ మోతాదు ఇది, మీకు కాదు’ అని విడిగా రాశాను.

ఈ పొట్లానికి చింపే గీతలు రెండున్నాయి. ఒక గీత దగ్గర చింపితే సగం మందే పడుతుంది, అంటే 40 మిల్లీగ్రాములు. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం. రెండో గీత దగ్గర చింపితే మొత్తం పడుతుంది. ఇది మాటల్లో రాస్తే ఎవరికీ అర్థం కాదనిపించి చిన్న బొమ్మ గీశాను. పొడిని అర గ్లాసు నీళ్లలో కలుపుకోవాలి.

ఫ్యామిలీ డాక్టరు కోసం ఇంకో లైను కూడా తప్పనిసరి. 80 మిల్లీగ్రాములన్నది లైసిన్ సాల్ట్ బరువు, అందులో కీటోప్రొఫెన్ 50 మిల్లీగ్రాములే. ఆ లైను లేకుండా ఉత్త 80 అని పంపితే ఆయన లెక్క వేరేగా ఉంటుంది.

అసలు పని రెండో భాగంలో ఉంది. హెచ్చరికలు రెండు రకాలు. ‘వాడకూడదు’ అన్నవి మొదటి రకం: కడుపులో పుండు, యాస్పిరిన్ వల్ల గతంలో వచ్చిన ఆయాసం, తీవ్రమైన గుండె వైఫల్యం లాంటివి. ‘డాక్టరుకు చెప్పండి’ అన్నవి రెండో రకం. తేలిక భాష పేరుతో ఈ రెండింటినీ ‘జాగ్రత్త’ అనే ఒక్క మాట కింద పడేసినవి నేను చాలా చూశాను. అది తేలిక చేయడం కాదు, సమాచారం చెరిపేయడం. నేను రెండు వేర్వేరు పెట్టెలు గీసి, ‘తీవ్రమైన’ అన్న చోట ఆ విశేషణాన్ని అలాగే ఉంచాను. మామూలు గ్యాస్ ట్రబుల్ ఉన్నవాళ్లు అనవసరంగా భయపడకూడదు, పుండు ఉన్నవాళ్లు ధైర్యం చేయకూడదు.

తర్వాత ఇతర మందుల జాబితా. అందులో అధికభాగం మందుల పేర్లు కావు, వర్గాల పేర్లు. బీపీకి వాడే సార్టాన్లు, మూత్రం ఎక్కువ పోయించే మందులు, రక్తం గడ్డకట్టకుండా ఆపేవి. ఇంగ్లీషులోకి మార్చినా ఆ వర్గాలు ఆయనకు ఏం చెబుతాయి? అందుకే, ‘పెద్దనాన్నగారూ, మీరు రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులు వెనక వైపు ఫొటో తీసి పంపండి’ అన్నాను.

‘బీపీ మాత్ర ఒకటే అమ్మా, ఇంకోటి గుండెకు చిన్నది’ అన్నారు ఫోన్లో.

ఫొటోలు వచ్చాక చూస్తే ఆ ఒక్క బీపీ మాత్రలో రెండు మందులు: టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్. చిన్నది 75 మిల్లీగ్రాముల యాస్పిరిన్. కాగితం హెచ్చరించిన వాటిలో మూడు ఆయన డబ్బాలోనే ఉన్నాయి. సార్టాన్, మూత్రం పోయించే మందు, దానికి తోడు ఈ రకం నొప్పి మందు కలిస్తే కిడ్నీలకు రక్తం తగ్గుతుంది. ఎండలో తిరిగి నీళ్లు సరిగ్గా తాగని వయసు మళ్లినవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. పక్కన యాస్పిరిన్ ఉంటే కడుపులో రక్తస్రావం భయం కూడా. అప్పుడు నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఆయన ముందురోజు రాత్రే ఒక పొట్లం తాగేశారు.

నేను ‘మానేయండి’ అని రాయలేదు. అది అనువాదం చేసేవాళ్లు రాయాల్సిన మాట కాదు. కాగితంలోని వర్గం పేరు, దాని ఎదురుగా ఆయన మాత్ర పేరు పెట్టి, ‘తర్వాతి పొట్లం తాగేముందు ఇది ఫార్మసిస్టుకో డాక్టరుకో చూపించండి’ అని పేజీ పైభాగానికి తెచ్చాను.

దుష్ఫలితాల భాగంలో ఒక చిక్కుంది. కాగితం వాటిని ఎంతమందికి వస్తాయన్న వరుసలో ఇస్తుంది. కడుపు నొప్పి, వికారం లాంటివి 10 మందిలో ఒకరి దాకా, తలనొప్పి, దద్దుర్లు 100 మందిలో ఒకరి దాకా, ఇలా దిగుతూ చివరికి ‘ఎంతమందికో తెలియదు’ అన్న వర్గం వస్తుంది. చివర ఉంది కదా అని అది అన్నిటికంటే అరుదైనదనుకుంటారు. అలా కాదు, ఉన్న సమాచారంతో అంచనా వేయలేకపోయారని దానర్థం. కడుపులో రక్తస్రావం, తీవ్రమైన అలర్జీ లాంటివి నేను చదివిన కాగితంలో ఉన్నది అక్కడే. కాబట్టి వరుస మార్చాను: పైన వెంటనే 112కి ఫోన్ చేయాల్సినవి (తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ముఖం వాపు, ఊపిరాడకపోవడం), తర్వాత డాక్టరుకు చెప్పాల్సినవి, ఆఖరున సర్దుకునేవి. ఎంతమందికి అన్న అంకె ప్రతి దాని పక్కనా అలాగే ఉంచాను. ఎండకు చర్మం కందిపోవచ్చన్న లైనును కూడా వదల్లేదు, టూరులో ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

పొద్దున బస్సు బయల్దేరే ముందే ఆ పేజీ ఫొటో హైదరాబాద్ వెళ్లింది. ఫ్యామిలీ డాక్టరు వెంటనే ఫోన్ చేశారట. తాగిన ఒక్క పొట్లం గురించి కంగారు పడొద్దు, నీళ్లు బాగా తాగండి, మూత్రం తగ్గితే చెప్పండి, ఇక ఆ పొడి వద్దు, పారాసిటమాల్ వేసుకోండి అన్నారు. బీపీ మాత్ర, యాస్పిరిన్ మాత్రం ఆపొద్దన్నారు. ఆ మాటలన్నీ పేజీ పైన తేదీతో చేర్చి, కీటోప్రొఫెన్ మోతాదు మీద అడ్డగీత కొట్టి మళ్లీ పంపాను. గీత కింద అక్షరాలు కనబడేలాగే ఉంచాను. స్విట్జర్లాండ్‌లో ఎవరైనా చూస్తే ఆయన ఒంట్లోకి ఏ మందు ఎంత వెళ్లిందో వాళ్లకూ తెలియాలి.