కంట్రోలర్ జాక్‌లో 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే

శనివారం రాత్రి. కాకినాడలో ఒకాయన వాడి అమ్మేసిన స్టూడియో హెడ్‌ఫోన్ కొన్నాను, 250 ఓమ్‌లది, ఓపెన్ బ్యాక్, అంటే బయటి చప్పుడు ఆపనిది. అమలాపురం వచ్చి గేమ్ కంట్రోలర్ జాక్‌లో గుచ్చి వాల్యూమ్ చివరిదాకా పెట్టినా మాటలు పక్కింట్లోంచి వస్తున్నట్టున్నాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది, ఆ చప్పుడేమో నేరుగా లోపలికి వచ్చేస్తోంది. మా వైపు వేసవిలో ఫ్యాన్ ఆపి గేమ్ ఆడమంటే ఎవడాడతాడు?

ముందు సెట్టింగ్ చూశాను. హెడ్‌ఫోన్‌కి చాట్ ఒక్కటే వెళ్తోందేమోనని అనుమానం, కాదు, మొత్తం సౌండ్ వెళ్తోంది. తమ్ముడి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ పెడితే చెవులు అదిరాయి. అంటే కంట్రోలర్ బాగానే ఉంది, దానికి ఈ హెడ్‌ఫోన్‌కి చాలినంత ఓల్టేజ్ ఇచ్చే శక్తి లేదు, అంతే.

ఆదివారం. పాత ఆడియో కేబుల్ కోసి, స్ప్లిటర్‌తో హెడ్‌ఫోన్ కూడా తగిలించే ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ ఫుల్‌గా పెట్టి మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో కొలిచాను. 0.4 ఓల్ట్‌లు. ఓల్టేజ్‌ని దాంతోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే పవర్ వస్తుంది: 250 ఓమ్‌లకి 0.64 మిల్లీవాట్, అదే 32 ఓమ్‌లకైతే 5 మిల్లీవాట్లు. నా హెడ్‌ఫోన్ 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ ఇస్తుంది కాబట్టి ఎంత పెద్ద పేలుడైనా 94 దగ్గర ఆగిపోతుంది. గేమ్‌లో మాటలు దానికంటే ఇరవై, పాతిక డెసిబెల్స్ కింద ఉంటాయి, ఇక ఫ్యాన్ గెలవదా మరి.

గురువారం. అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉండే, ఓల్టేజ్ పెంచే బ్యాటరీ ఆంప్ వచ్చింది. కంట్రోలర్ నుంచి రెండు వైపులా పిన్ ఉన్న మామూలు స్టీరియో కేబుల్ ఆంప్‌లోకి, అక్కడి నుంచి హెడ్‌ఫోన్‌కి. హై గెయిన్‌లో అదే టోన్ 2 ఓల్ట్‌లు చూపించింది, అంటే 16 మిల్లీవాట్లు, సుమారు 14 డెసిబెల్స్ ఎక్కువ. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతున్నా వెనకాల వచ్చే అడుగుల చప్పుడు తెలుస్తోంది.

మొదట్లో ఒక పొరపాటు చేశాను. కంట్రోలర్ వాల్యూమ్ సగంలో ఉంచి ఆంప్ పూర్తిగా తిప్పితే సౌండ్‌తో పాటు బుస్సుమనే శబ్దం కూడా పెరిగింది, ఎందుకంటే ఆంప్‌కి ఆ రెండిటికీ తేడా తెలీదు. కంట్రోలర్‌ని దాదాపు ఫుల్‌లో పెట్టి ఆంప్‌ని తగ్గించాక పోయింది. తర్వాత చార్జ్ అయిపోతోందని ఆంప్‌ని కన్సోల్ యూఎస్‌బీకే తగిలించాను, వెంటనే గుంయ్‌మని హమ్. వైరు పీకితే మాయం. ఇప్పుడు పగలు చార్జ్ చేసి రాత్రి బ్యాటరీ మీదే ఆడుతున్నాను.

మైక్ సంగతే మిగిలింది. రెండు గీతల పిన్నుతో మైక్ లైన్ గ్రౌండ్‌కి కలిసిపోతుంది కదా, కాబట్టి చాట్ కావాలంటే మూడు గీతల పిన్నున్న స్ప్లిటర్ కంట్రోలర్ దగ్గరే పెట్టి, హెడ్‌ఫోన్ కాలు ఆంప్‌కి, మైక్ కాలుకి విడి మైక్ పెట్టాలి. అది ఆర్డర్ చేశాను. అప్పటిదాకా రాజోలులో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, వినబడుతోందా" అని అరుస్తుంటాడు, నేను ఫోన్‌లో మెసేజ్ పెడుతుంటాను.