30 సెకన్ల లీవ్ స్కిట్: 16వ సెకను దగ్గర చిక్కుముడి

ఎట్టకేలకు కుదిరింది! ఇద్దరు పాత్రల లీవ్ స్కిట్‌లో 16వ సెకను దగ్గర ఇన్నాళ్లూ నన్ను ఏడిపించిన ఫోన్ షాట్ నిన్న రాత్రి దారిలోకి వచ్చింది. మిగతా స్కిట్ అంతా ఎప్పుడో అయిపోయింది, ఈ ఒక్క షాట్ దగ్గరే పంచ్ చచ్చిపోయేది. అందుకే ఈసారి ఎక్కువగా దాని గురించే రాస్తున్నా.

ముందు కథ. కిరణ్, శీను రూమ్మేట్లు. రేపు ఆఫీసులో లీవ్ ఎలా అడగాలో కిరణ్ ప్రాక్టీస్ చేస్తుంటాడు, శీను మేనేజర్‌గా నటిస్తుంటాడు. శీను ఆ పాత్రలోంచి బయటికి రాడు, అంతే ఆట. చూసేవాళ్లకి మొదటి 5 సెకన్లు ఇది నిజం ఆఫీసే అనిపించాలి. "సర్, రెండు రోజులు లీవ్ కావాలి సర్." "ఎందుకు?" "ఊరెళ్లాలి సర్." "ఊళ్లో ఆఫీసు ఉందా?" ఇక్కడ వైడ్‌కి కట్ చేస్తే శీను మంచం మీద ఒళ్లో దిండు పెట్టుకుని, మెడలో తువ్వాలు టైలా కట్టుకుని ఉంటాడు. "ఒరేయ్, మా సార్ ఇంత కోపంగా అడగడు రా." "సార్‌ని రా అంటావా?" ఇది 9వ సెకను వరకు. అక్కడి నుంచి 16 వరకు శీను బిగిస్తూ పోతాడు: "పోయిన నెల రిపోర్ట్ ఏది?" "అది... రేపు ఇస్తాను సర్." "రేపు ఊళ్లో ఉంటావుగా!" ఆ తర్వాత నిజం మేనేజర్ నుంచి లీవ్ వచ్చేస్తుంది, అయినా శీను ఒప్పుకోడు. 20 నుంచి 25 పంచ్, 25 నుంచి 30 ట్యాగ్, అంటే పంచ్ తర్వాత చివర్లో వచ్చే చిన్న నవ్వు. మొత్తం ఆరు బీట్లు, అంటే కథ ముందుకు కదిలే ఆరు మెట్లు. సినిమా స్క్రిప్ట్ కోసం తయారైన 15 బీట్ల షీట్‌ని 30 సెకన్లలోకి కుదించమని కొందరు చెబుతుంటారు, నాకైతే అది పనికిరాలేదు. ఇంత చిన్నదానికి ఆట ఏంటి, దాన్ని ఎన్నిసార్లు పెంచుతున్నాం, ఎక్కడ తిప్పుతున్నాం, ఈ మూడే చాలు.

డైలాగ్ పొడవు కొలవడానికి మాటలు లెక్కపెట్టడం మానేశాను. మన దగ్గర ఒక్క మాటే రెండు అక్షరాలు ఉండొచ్చు, ఏడు ఉండొచ్చు. అందుకే పలికే అక్షరాలు లెక్కపెడుతున్నా. మేమిద్దరం మామూలుగా మాట్లాడితే సెకనుకు ఆరు అక్షరాల దాకా వస్తున్నాయి. మొదటి డ్రాఫ్ట్ 150 దాటింది, అంటే 25 సెకన్లు మాటలకే పోయి మొహాలు చూపించడానికి 5 సెకన్లే మిగిలాయి. ఇప్పుడున్నది 100 అక్షరాలు, 17 సెకన్ల కన్నా తక్కువ. మిగతా 13 సెకన్లలోనే నవ్వంతా ఉంది.

ఇక అసలు గొడవ. మొదటి వెర్షన్‌లో మేనేజర్ మెసేజ్ పెడతాడు. స్క్రీన్ మీద "మీ రెండు రోజుల సెలవు ఓకే, పని ఎవరికైనా అప్పగించి వెళ్లండి" అని వస్తుంది. 30 ఎఫ్‌పీఎస్‌లో తీస్తున్నాను కాబట్టి మొత్తం 900 ఫ్రేములు, అందులో ఈ ఇన్సర్ట్‌కి, అంటే ఫోన్ స్క్రీన్ ఒక్కటే కనపడే షాట్‌కి, 36 ఇచ్చాను, అంటే 1.2 సెకన్లు. కథ చెప్పకుండా ఇద్దరు ముగ్గురికి చూపించి ఏం జరిగిందని అడిగితే "ఎవరో మెసేజ్ పెట్టారు" అన్నారు. ఎవరు పెట్టారో అందలేదు, ఏం పెట్టారో సగమే అందింది. ఆ రెండూ తెలియకపోతే శీను చివరి మాట "నేను ఇవ్వలేదే"కి అర్థమే ఉండదు.

సరే అని 78 ఫ్రేములకి పెంచాను. ఇప్పుడు అందరూ చదివారు, కానీ నవ్వలేదు. నా అనుమానం ఏంటంటే, త్వరగా చదివేవాళ్లు ఒక సెకనులో చదివేసి మిగతా సెకనున్నర ఖాళీగా కూర్చుంటున్నారు, నెమ్మదిగా చదివేవాళ్లు షాట్ చివర్లో గానీ పూర్తి చేయట్లేదు. పంచ్ వచ్చేసరికి ఒకరు చల్లారిపోయి ఉంటారు, ఇంకొకరు ఇంకా మెసేజ్‌లోనే ఉంటారు. పైగా నిడివి 31 సెకన్లు దాటింది.

తర్వాత కన్ను ఎక్కడుందో చూశాను. ముందు షాట్‌లో శీను మొహం ఫ్రేమ్ పై మూడో వంతులో ఉంది, ఇన్సర్ట్‌లో మెసేజ్ కింది వైపు ఉంది. నిలువు వీడియోలో కింది భాగం మీద యాప్ క్యాప్షన్ పడుతుంది, కుడి అంచున బటన్లు వస్తాయి, కాబట్టి అక్కడ ఏం పెట్టినా సగం కనపడదు. మెసేజ్‌ని శీను కళ్లున్న ఎత్తుకి జరిపాక కన్ను వెతుక్కోవాల్సిన పని తప్పింది, 54 ఫ్రేములకే చదవగలిగారు. ఇది మాత్రం ఏ ఇన్సర్ట్‌కైనా పనికొచ్చే సంగతి. కానీ నవ్వు ఇంకా రాలేదు.

ఆ తర్వాత ఇన్సర్ట్ తీసేసి కిరణ్ చేత "బాస్ లీవ్ ఇచ్చేశాడు రా!" అని అరిపించాను. అందరికీ వెంటనే అర్థమైంది, పంచ్ మాత్రం ఇంకా పడిపోయింది. ఎందుకో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈ స్కిట్‌లో ఆట మొత్తం శీనే బాస్ అన్న దాని మీద నడుస్తోంది. కిరణ్ వేరే ఎవరినో బాస్ అని, శీనుని "రా" అని పిలిచిన క్షణంలోనే ఆట అయిపోయింది. ఆ తర్వాత శీను "నేను ఇవ్వలేదే" అంటే అయిపోయిన ఆటని మళ్లీ మొదలుపెడుతున్నట్టు ఉంది. రెండో బీట్‌లో "ఒరేయ్" పనిచేసింది, ఎందుకంటే అక్కడ శీను వెంటనే దాన్ని ఆటలోకి లాగేశాడు. ఇక్కడ లాగడానికి అతని చేతిలో ఏమీ లేదు.

కాబట్టి కావాల్సింది ఇది: నిజం మేనేజర్ లీవ్ ఇచ్చాడని చదవకుండా తెలియాలి, కిరణ్ ఆట బయటికి రాకుండా మాట్లాడాలి. జవాబు మెసేజ్ కాదు, ఫోన్ కాల్! "అసలు నీ అప్రైజల్" అని శీను అంటుండగా మధ్యలో రింగ్. స్క్రీన్ మీద పెద్దగా "మేనేజర్ సార్" అని రెండే మాటలు, 20 ఫ్రేములు చాలు. కిరణ్ వింటాడు, తలూపుతాడు, మొహం వెలుగుతుంది, "థాంక్యూ సర్" అని పెట్టేస్తాడు. లీవ్ వచ్చిందని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. శీను వెంటనే, "నాకెందుకు థాంక్స్? నేనింకా ఇవ్వలేదుగా." కిరణ్ "సర్" అన్నది ఫోన్‌లోని సార్‌నే అయినా గదిలో ఇంకో సార్ ఉన్నాడు కదా, ఆ మాటని శీను తన మీద వేసుకుంటున్నాడు. పాత వెర్షన్‌లో పంచ్‌కి ఊతం లేదు, ఇప్పుడు కిరణ్ మాటే ఊతం. చూపించిన ప్రతి ఒక్కరూ నవ్వారు!

అక్కడ కూడా ఒక కొలత తేల్చాల్సి వచ్చింది, కిరణ్ ఫోన్ ఎంతసేపు వినాలి అన్నది. 22 ఫ్రేములు పెడితే అవతల ఎవరూ లేరని తెలిసిపోతోంది. 60 పెడితే సాగుతోంది. 40 దగ్గర బాగుంది, అదీ మధ్యలో ఒకసారి తలూపితేనే. "థాంక్యూ సర్"కీ పంచ్‌కీ మధ్య గ్యాప్ ఇప్పుడు 14 ఫ్రేములు ఉంది, ఇంకొంచెం పెంచి చూడాలి. పంచ్ తర్వాత మాత్రం సెకనున్నర తగ్గకూడదు, కిరణ్ మొహంలో సంతోషం దిగిపోవడం కనపడాలి.

ఫోన్ స్క్రీన్ తీసేటప్పుడు ఒక సంగతి. ఫోన్ అన్‌లాక్ అయి ఉంటే కాల్ పైన చిన్న పట్టీలా వస్తుంది, పేరు చిన్నగా ఉంటుంది. లాక్ చేసి ఉంచితే పేరు స్క్రీన్ నిండా వస్తుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ఎక్స్‌పోజర్ స్క్రీన్ మీదే లాక్ చేయాలి, లేకపోతే అక్షరాలు తెల్లగా కాలిపోతాయి. రింగ్ సౌండ్ షూట్‌లో పెట్టలేదు, ఎడిట్‌లో కలిపాను. శీను మాట శుభ్రంగా ఉంటేనే రింగ్‌ని ఏ అక్షరం మీద కావాలంటే ఆ అక్షరం మీద వేసుకోవచ్చు. ఇప్పుడు "అప్రైజల్"లో చివరి అక్షరం మీద పడుతోంది.

షాట్ లిస్ట్ ఇప్పుడు ఇలా ఉంది:

1. కిరణ్ మిడ్ క్లోజ్, చూపు కిందికి. "సర్, రెండు రోజులు" నుంచి "ఊరెళ్లాలి సర్" వరకు.
2. శీను క్లోజ్, కింది నుంచి, వెనక ఖాళీ గోడ. "ఊళ్లో ఆఫీసు ఉందా?"
3. ఇద్దరూ వైడ్, మంచం కనపడాలి. "ఒరేయ్" మీద మొదలు.
4. శీను మిడ్, దిండు కనపడేలా. "రిపోర్ట్ ఏది" నుంచి రింగ్ వరకు.
5. ఫోన్ ఇన్సర్ట్, 20 ఫ్రేములు.
6. ఇద్దరూ, శీను ముందు కూర్చుని, కిరణ్ వెనక నిలబడి. వినడం, థాంక్యూ, పంచ్, రియాక్షన్, కట్ లేదు.
7. మళ్లీ 1వ షాట్ ఫ్రేమే. "ఒక్క రోజైనా సర్..."

ఆన్‌లైన్‌లో దొరికే షాట్ లిస్ట్ టెంప్లేట్లలో లెన్స్, కెమెరా మూవ్‌మెంట్ లాంటి గడులు బోలెడు ఉంటాయి. ఫోన్‌తో తీసేవాళ్లకి వాటికన్నా "ఏ మాట మీద మొదలు, ఏ మాట మీద ముగింపు" అన్న గడి ముఖ్యం. అది ఉంటే ప్రతి షాట్‌కీ ముందు ఒక మాట, వెనక ఒక మాట ఎక్కువ తీసుకుంటాం, ఎడిట్‌లో కట్ జరుపుకోవడానికి చోటు ఉంటుంది.

6వ షాట్‌లో కట్ పెట్టకపోవడం కావాలనే. పంచ్ మీద శీను క్లోజప్‌కి కట్ చేసి చూశాను, మాట బాగా వినపడింది గానీ కిరణ్ మొహం పోయింది, నవ్వు ఉన్నది అక్కడే. నిలువు ఫ్రేమ్‌లో ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఇద్దరూ సన్నగా అయిపోయి పైనా కిందా ఖాళీ మిగులుతుంది. ఒకరు కూర్చుని ఒకరు నిలబడితే రెండు మొహాలూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి.

బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేట్, షట్టర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి తీస్తున్నా. ఫోన్‌లోని మామూలు కెమెరా వైట్ బ్యాలెన్స్‌ని షాట్ మధ్యలో మార్చేస్తుంటే 1, 7 షాట్లు కలవవు, ఈ స్కిట్‌కి అవి కలవడం చాలా అవసరం. ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే. ఫ్రేములు లెక్కపెట్టుకోవడానికి నాకు అంతకన్నా హాయిగా ఉన్నది కనపడలేదు.

ఇంకా మిగిలింది లూప్. "ఒక్క రోజైనా సర్" అయిపోగానే వీడియో మళ్లీ మొదలై "సర్, రెండు రోజులు" రావాలి, ఎక్కడ అతికిందో తెలియకూడదు. ఇప్పుడు కిరణ్ తల రెండు షాట్లలో కొంచెం వేరే చోట ఉంది, అతుకు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. ఈ వారం 7వ షాట్ ఒక్కటే మళ్లీ తీస్తాం, 1వ షాట్ మొదటి ఫ్రేమ్‌ని స్క్రీన్ మీద పలచగా పెట్టుకుని తల దానికి సరిపెట్టాలని ప్లాన్. అది అయ్యాక ఇదే ఇద్దరితో ఇంకొకటి ఉంది, కిరణ్ జీతం పెంచమని ప్రాక్టీస్ చేస్తాడు. అందులో శీను వెంటనే ఒప్పేసుకుంటాడు, ఆ తర్వాత కిరణ్ నిజంగానే అతని దగ్గర డబ్బులు అడుగుతాడు. బీట్లు నాలుగు రాశాను, 12వ సెకను దగ్గర మలుపు ఇంకా దొరకలేదు.