శ్రావణి ఉత్తరం, ఇటాలియనులో

రాత్రి పదకొండు దాటినా ఆ ఉత్తరం మనసును వదలడం లేదు. మిలాన్‌లోని ఒక కంపెనీ బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగానికి ఇటాలియనులోనే ప్రకటన ఇచ్చింది కనుక, శ్రావణి తన ఇంగ్లీషు కవర్ లెటర్‌ను ఆ భాషలోకి మార్పించడానికి ఇక్కడ కోరమంగళలో ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టింది. వాళ్లు పంపినదాన్ని సాయంత్రం నా చేతికిచ్చి, "పిన్నీ, ఒక్కసారి చూసిపెట్టు, రేపు పంపేయాలి" అంది.

చదువుతున్నకొద్దీ ఒళ్లు మండిపోయింది. ఆ ఉత్తరం ఆసాంతం ఒక మగవాడు రాసినట్లుంది. ఆసక్తి ఉందని చెప్పినా, పట్టా పుచ్చుకున్నానని చెప్పినా, మాట్లాడే అవకాశమిస్తే సంతోషిస్తానని చెప్పినా, ఇటాలియనులో ఆ మాటలు రాసినవారు ఆడో మగో తెలియజేస్తాయి. ఇంటెరెస్సాతా, లౌరెయాతా, లియేతా అని ఉండవలసిన ప్రతిచోటా చివర 'తో' పెట్టారు. అలాగని కనిపించిన ప్రతి 'తో'నూ 'తా' చేయకూడదు. పనిచేశాను అనే అర్థంలో వచ్చే 'ఓ లవొరాతో' ఎవరు రాసినా మారదు. ఆ తేడా తెలిసినవారు చూసి ఉంటే పది నిమిషాల పని అది. పైగా మొదటి పేరాలో కంపెనీని మర్యాదగా 'వోయి' అని సంబోధించి, మూడో పేరాలో 'తూ'లోకి దిగారు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కావడం వల్ల జరిగిన పొరపాటే అయినా, మీరు అని మొదలుపెట్టి నువ్వు అని ముగించిన ఉత్తరాన్ని మనమైతే ఎలా చూస్తామో చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే ప్రమాదం అంకెలది. రోజుకు పన్నెండు లక్షల లావాదేవీలు నడిపే పేమెంట్ సర్వీసులో స్పందన సమయాన్ని 1.5 సెకన్ల నుంచి 0.4కు తగ్గించానని శ్రావణి రాసుకుంది. ఉత్తరమంతటికీ బలం ఆ వాక్యమే. దానిలో 12,00,000 అన్నదాన్ని అలాగే వదిలేశారు. మన లక్షల విరుపు అక్కడివారికి అలవాటు లేనిది. పైగా ఇటలీలో వేలను విడదీసేది చుక్క, దశాంశానికి వాడేది కామా. కాబట్టి అది 1.200.000 కావాలి, సెకన్లు 1,5 నుంచి 0,4 కావాలి.

ఇవన్నీ దిద్దాక, ఎలాగూ పూనుకున్నాను కదా అని, నాకు వచ్చిన మంచి ఇటాలియనంతా కుమ్మరించి దానిని గంభీరంగా తిరగరాయడం మొదలుపెట్టాను. రెండో పేరాలో ఉండగా చెన్నైలో నా పక్క సీటు అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె కూడా ఇటలీకే దరఖాస్తు చేసింది. ఎవరో ఉద్దండులు రాసిచ్చిన ఉత్తరం అది, షరతు వాక్యాలతో, మర్యాద పదాలతో ధగధగలాడేది. కొన్నాళ్లకు ఆఫీసు వేళ ఫోను వస్తే తీసుకుని కారిడార్‌లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. అవతలి మనిషి ఆ ఉత్తరం స్థాయికి తగిన ఇటాలియనులో, తగిన వేగంతో మాట్లాడుతోంది. ఈమె రెండుసార్లు క్షమించమంది, మూడోసారి ఇంగ్లీషులోకి మారింది. అవతల కాసేపు మాట లేదు. తరువాత ఇంగ్లీషులోనే, ఉత్తరం మీరే రాశారా అని అడిగారు. ఆ అమ్మాయి ప్రోగ్రామింగ్‌లో మాలో అందరికంటే గట్టిది. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

అందుకని నేను రాసిన రెండు పేరాలూ తీసేశాను. శ్రావణికి వచ్చినది బి1 స్థాయి ఇటాలియను. అంటే తెలిసిన విషయం మీద చిన్న వాక్యాల్లో నెమ్మదిగా మాట్లాడగలదు. ఉత్తరమూ ఆ స్థాయిలోనే ఉండాలని ఇప్పుడు నాకు అనిపిస్తోంది: వాక్యాలు పొట్టిగా, వ్యాకరణం శుద్ధంగా, తాను పైకి చదివి వివరించగలిగిన మాటలతో. ఇటాలియను బి1 అనీ, రోజువారీ పని ఇంగ్లీషులో చేస్తాననీ ఒక వాక్యం చేర్చాను. "అది చెబితే పక్కన పడేస్తారేమో పిన్నీ" అంది. ఫోనులో తెలియడం కంటే ఉత్తరంలో తెలియడమే మేలని చెప్పాను.

పర్మిట్ వాక్యం దగ్గర మాత్రం ఇద్దరికీ వాదన అయింది. ఐరోపా సమాఖ్య బయటివారికి ఇటలీలో పనిచేసే అనుమతి, నుల్లా ఓస్తా, కావాలంటే దరఖాస్తు పెట్టవలసింది కంపెనీయే. నైపుణ్యం గల ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు ఏటా ప్రకటించే కోటాల లెక్కలోకి రాదు కనుక, ఆ సంగతి ముందే చెబితే కంపెనీకి ధైర్యంగా ఉంటుందని నా అభిప్రాయం. మొదటి ఉత్తరంలోనే చట్టం ఎత్తడం బాగుండదని ఆమె పట్టు. చివరికి భారత పౌరురాలినని, బ్లూ కార్డు మార్గంలో వచ్చేందుకు సిద్ధమని ఒకే వాక్యంగా కుదించి, ముగింపు మర్యాదకు ముందు పెట్టాము. అది ఆమె తన ఇటాలియనులో తానే రాసింది. చివర ఒక్క 'తా' తప్ప నేను దిద్దవలసింది ఏమీ లేకపోయింది.