సెడెంటరీ అట

పదకొండు దాటింది, నిద్ర పట్టట్లేదు. పొద్దున హెల్త్ చెకప్‌లో ఆ అబ్బాయి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "వ్యాయామం చేస్తారా మేడమ్?" అన్నాడు. లేదన్నాను. "అయితే సెడెంటరీ అని వేస్తున్నా" అని టిక్కు పెట్టేసి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. అంటే ఒళ్ళు కదపకుండా కూర్చునే ఉండే మనిషినట. ఇంటిపని సంగతి అడగనే లేదు. అడగడానికి ఆ కాగితంలో గడి కూడా లేదు. రిపోర్టులో షుగర్, బీపీ అన్నీ బాగానే ఉన్నాయి. అది చూసి సంతోషపడాల్సింది పోయి, ఆ ఒక్క టిక్కు గురించే ఇంటికొచ్చేదాకా మావారి బుర్ర తిన్నాను.

అందుకే చిన్నదాని రఫ్ నోట్సు తీసుకుని లెక్క కట్టాను. ఊరికే కూర్చుంటే శరీరానికి అయ్యే ఖర్చు 1 మెట్. ఊడవడం 3.3, నిలబడి తడిగుడ్డ పెట్టడం 3.5, చేత్తో బట్టలుతకడం 4, మామూలు నడక 3, వంట 2, అంట్లు తోమడం 1.8. వీటిని నిమిషాలతో గుణిస్తే మెట్-నిమిషాలు. రోజూ ఇరవై నిమిషాల ఊడ్పు వారానికి 462. నాలుగు రోజులు ఇరవై అయిదేసి నిమిషాల తడిగుడ్డ 350. రెండు రోజులు నలభయ్యేసి నిమిషాల ఉతుకు 320. కూరగాయలకి మూడుసార్లు, అరగంట చొప్పున నడక 270. రోజుకి రెండున్నర గంటల వంట 2100, నలభై నిమిషాల అంట్లు 504. మొత్తం 4006!

కేలరీలు కావాలంటే దాన్ని బరువుతో గుణించి 60తో భాగించాలి. 1 మెట్ అంటే కిలో బరువుకి గంటకి సుమారు ఒక కేలరీ, అందుకని. నేను 66 కిలోలు, అంటే 1.1తో గుణిస్తే చాలు. దాదాపు 4400 కేలరీలు. రేపు ఈ నోట్సు పట్టుకెళ్ళి ఆ అబ్బాయికి చూపించాలన్నంత ఊపొచ్చింది.

ఉతుకు దగ్గర 4 అని రాస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. దుప్పట్లు ఉతికే రోజున ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకునేది. ఎదురెదురుగా నిలబడి, ఎవరి కుడికి వాళ్ళం మెలి తిప్పేవాళ్ళం. నీళ్ళు బొటబొటా కాళ్ళ మీద పడేవి. మెలి బిగిసే కొద్దీ అమ్మ మణికట్టు దగ్గర నరాలు పైకి తేలేవి. నా చేతులు ముందే జారిపోయేవి. "పట్టుకోవే, ఇంకొక్క మెలి" అనేది. అలా రెండు గంటలు. 120 నిమిషాలు, 480 మెట్-నిమిషాలు. అమ్మ 45 కిలోలుండేదేమో, 360 కేలరీలు. అదే పని ఇప్పుడు నేను చేస్తే 528 వస్తుంది. బరువు ఎక్కువుంటే లెక్కా పెరుగుతుంది. అమ్మ నాకన్నా తక్కువ కష్టపడిందని దానర్థం కాదు. కష్టం ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఇది మాత్రం నాకు అస్సలు మింగుడు పడలేదు.

మళ్ళీ నోట్సు చూసుకుంటే నా లెక్కే తప్పనిపించింది. ఆరోగ్యంగా ఉండాలంటే వారానికి కనీసం 600 మెట్-నిమిషాలు కదలాలని చెప్తారు కదా, అది 3 మెట్లు, ఆ పైన ఉన్న పనులకి. వంటా అంట్లూ అందులోకి రావు. అవి తీసేస్తే 1402. కేలరీల్లోనూ చిక్కుంది. ఆ 4400లో నేను కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసిపోయింది. పనులన్నీ కలిపి 1740 నిమిషాలు, నిమిషానికి 1 మెట్ చొప్పున తీసేస్తే మిగిలేది 2266. అంటే దాదాపు 2490 కేలరీలు, రోజుకి 356. పనివల్ల అదనంగా ఖర్చయ్యింది అంతే. సగం దాకా పోయింది.

ఇంకోటి. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఫోన్లో టైం పెట్టి చూశాను. ఇరవై కాదు, పద్నాలుగు నిమిషాలే. మధ్యలో కుర్చీలు జరపడం, చిన్నది పిలిస్తే ఆగడం, ఇవన్నీ కలిపి ఇరవై అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. దాంతో 462 కాస్తా 323 అయింది, 1402 కాస్తా 1263కి దిగింది. వంటది రెండున్నర గంటలని రాశానే, అందులో పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డది ఎంతో. అప్పుడు 2 మెట్లు కూడా ఉండవు.

అయినా 1263 అంటే 600కి రెండింతలు పైనే. సెడెంటరీ అన్న మాట తప్పే. పొద్దున వాదించాలనిపించింది గానీ, ఇప్పుడు అతని మీద కోపం లేదు. కోపమంతా ఇంటిపనికి గడి లేని అతని కాగితం మీదే. మళ్ళీ వెళ్ళినప్పుడు ఇంటిపని నిమిషాలు రాయడానికి చోటు అడుగుతాను.

ఎల్లుండి ఉతుకు రోజు. దానికీ టైం పెట్టాలి. నలభై అని రాసిందాంట్లో నానబెట్టే పావుగంట కూడా ఉందేమోనని అనుమానం.