ఘనా, కెన్యా, 16 రోజుల తేడా: వరల్డ్ హిస్టరీలో నా తప్పు ఎక్కడ దొరికింది

సివిల్స్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ ఇంకా వీధిలో స్వీట్లు పంచుతూనే ఉంది. మెసేజ్ పెట్టినవాళ్లలో సగం మంది బుక్‌లిస్ట్ అడిగారు. అది మీ అందరి దగ్గరా ఉన్నదే, నా దగ్గర వేరే రహస్యం ఏమీ లేదు. ఒక్క టాపిక్ గురించి మాత్రం చెప్పగలను: డీకాలనైజేషన్. మొదటి మెయిన్స్‌లో నన్ను ముంచింది జీఎస్-1, అందులోనూ వరల్డ్ హిస్టరీ.

రెండో అటెంప్ట్‌కి ముందు ఒక టెస్టులో ప్రశ్న వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని వలస దేశాలు శాంతియుతంగా, కొన్ని రక్తపాతంతో స్వతంత్రం పొందాయి, ఎందుకు? నేను హుషారుగా పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ఇండియా, ఘనా. కుడివైపు అల్జీరియా, కెన్యా, వియత్నాం. కింద కారణాలు: నాయకత్వం, ఐక్యరాజ్యసమితి, కోల్డ్ వార్. 15కి 4 వచ్చాయి. దిద్దిన సార్ ఎర్ర ఇంకుతో ఒకే మాట రాశారు: "ఎన్‌క్రూమా, కెన్యట్టా ఇద్దరూ జైలుకెళ్లారు. ఒకరు జైల్లోంచి నేరుగా ప్రభుత్వంలోకి ఎలా వెళ్లారు?"

ఎన్‌క్రూమా ఘనా నాయకుడు, కెన్యట్టా కెన్యా నాయకుడు. మొదట కోపం వచ్చింది. 250 పదాల్లో ఇదంతా ఎవడు రాస్తాడు అనుకున్నాను. తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఆ రెండు దేశాలు తప్ప ఇంకేం ముట్టుకోకుండా వారం గడిపాను. రెండూ బ్రిటిష్ వలసలే, కలోనియల్ ఆఫీసు కూడా ఒకటే. రెండు చోట్ల నుంచీ కుర్రాళ్లు బ్రిటన్ తరఫున బర్మాలో జపాన్‌తో పోరాడి వచ్చారు.

ఘనాకి అప్పటి పేరు గోల్డ్ కోస్ట్. 1948 ఫిబ్రవరి 28న అక్రాలో మాజీ సైనికులు తమకిస్తామన్నవి ఇవ్వలేదని గవర్నర్‌కి అర్జీ ఇవ్వడానికి బయల్దేరారు. గవర్నర్ ఉండే కోటకి వెళ్లే దారిలో పోలీసులు అడ్డం నిలబడ్డారు. బ్రిటిష్ పోలీసు అధికారి కాల్పుల్లో ముగ్గురు మాజీ సైనికులు చనిపోయారు. ఊరంతా భగ్గుమంది, అల్లర్లలో మొత్తం 29 మంది పోయారు. కాబట్టి ఘనాని "శాంతియుతం" గడిలో పెట్టి వదిలేయడమే నా మొదటి తప్పు. అక్కడా రక్తం పారింది. కాకపోతే ఆ తర్వాత బ్రిటన్ వేసిన అడుగు వేరు. విచారణ కమిషన్ పాత రాజ్యాంగం పనికిరాదని చెప్పింది. కొత్తది రూపొందించే కమిటీలో అందరూ ఆఫ్రికన్లే. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో ఎన్‌క్రూమా జైల్లో ఉండగానే ఆయన పార్టీ గెలిచింది. గవర్నర్ ఆయన్ని విడిపించి ప్రభుత్వాన్ని నడపమన్నాడు. 1957 మార్చి 6న స్వతంత్రం.

ఇక కెన్యా. అక్కడ బ్రిటిష్ పాలన మీద సాయుధంగా తిరగబడ్డ ఉద్యమం పేరు మావ్ మావ్. కెన్యట్టా 1952లో బహిరంగ సభలో దాన్ని ఖండించిన మనిషి. అయినా అదే ఏడాది అక్టోబర్ 20న ఎమర్జెన్సీ ప్రకటించి ఆయన్ని అరెస్టు చేశారు. మావ్ మావ్ నడిపింది ఆయనేనని ఏడేళ్ల శిక్ష వేశారు. తర్వాత నిర్బంధ శిబిరాలు, వెయ్యికి పైగా ఉరిశిక్షలు. అధికారిక లెక్క ప్రకారమే 11 వేలమందికి పైగా తిరుగుబాటుదారులు చనిపోయారు. అక్కడి భూముల్లో స్థిరపడ్డ తెల్లవాళ్లు, అంటే సెటిలర్లు, చనిపోయింది 32 మంది. అడవిలో పోరాటం నడిపిన దెదాన్ కిమాతిని 1957 ఫిబ్రవరి 18న ఉరితీశారు.

ఈ తేదీని నోట్సులో రాసుకుంటుంటే పక్కనే ఘనా తేదీ కనిపించింది. సరిగ్గా 16 రోజులు. ఒకే ప్రభుత్వం ఒకచోట ఉరి వేసి, రెండు వారాల తర్వాత ఇంకోచోట తన జెండా దించింది. అలాంటప్పుడు తేడా నాయకుల మంచితనంలో ఉందనడం కుదరదు.

మరి ఎక్కడుంది? భూమిలో. గోల్డ్ కోస్ట్‌లో మలేరియా భయానికి తెల్లవాళ్లు కాపురం పెట్టలేదు. ఉన్నవాళ్లు అధికారులు, వ్యాపారులు. కోకో తోటలు ఆఫ్రికన్ రైతులవే. స్వతంత్రం ఇచ్చినా కోకో కొనుక్కోవచ్చు, లండన్‌కి పెద్దగా పోయేదేమీ లేదు. కెన్యాలో చల్లటి ఎత్తు భూములు తెల్ల రైతులకి 999 ఏళ్ల లీజుకి కూడా ఇచ్చారు. ఆ నేలమీదే స్థానిక తెగ కికుయులు కూలీలుగా మిగిలారు. (మన హైదరాబాద్‌లో సెటిలర్ అంటే అర్థం వేరు కాబట్టి ఈ మాట బరువు నాకు చాలాకాలం తట్టలేదు.) పైగా ఆ సెటిలర్లకి 1920 నాటికే శాసనమండలిలో ఎన్నికైన సభ్యులున్నారు. మొదటి ఆఫ్రికన్ సభ్యుడు 1944లో వచ్చాడు, అదీ నామినేట్ అయ్యి. అర్జీ పెట్టుకునే దారే లేనిచోట అడవి దారి పట్టారు.

కెన్యాలో వేగం మారిన తీరు కూడా దీన్నే చూపిస్తుంది. 1959లో హోలా శిబిరంలో 11 మంది ఖైదీలని కొట్టి చంపారు. నీళ్లు తాగి చనిపోయారని మొదట బుకాయించారు. నిజం బయటపడి బ్రిటిష్ పార్లమెంటులో గొడవైంది. సెటిలర్ల కోసం ఇంత మోయాలా అన్న లెక్క లండన్‌లో అప్పుడు మొదలైంది. 1960లో కెన్యా భవిష్యత్తు మీద లండన్‌లో లాంకాస్టర్ హౌస్ చర్చలు. తర్వాత సెటిలర్ల భూముల్లో కొంత డబ్బిచ్చి కొని, ఆఫ్రికన్ రైతులకి పంచే పథకం వచ్చింది. ఆ డబ్బులో పెద్ద భాగం అప్పే, తీర్చాల్సింది కెన్యా. 1963 డిసెంబర్ 12న స్వతంత్రం.

ఇక్కడే ఆగిపోతే రెండో తప్పు. "సెటిలర్లు ఉంటే యుద్ధం, లేకపోతే శాంతి" అని సూత్రం చేసుకుని రెండు టెస్టుల్లో రాశాను. అదే సార్ "గినియా-బిస్సావు?" అని మాత్రం రాసి వదిలేశారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ పోర్చుగీసు వలసలో చెప్పుకోదగ్గ సెటిలర్లు లేరు. అయినా 1963 నుంచి 1974 దాకా యుద్ధం. కారణం పోర్చుగల్‌లోనే ఉంది. అక్కడున్నది నియంతృత్వం. ఓటర్లకి జవాబు చెప్పాల్సిన పని లేదు, పార్లమెంటులో హోలా లాంటి గొడవ పుట్టే వీలూ లేదు. 1974 ఏప్రిల్‌లో లిస్బన్‌లో సైన్యమే ఆ ప్రభుత్వాన్ని కూల్చాక కానీ దారి తెరుచుకోలేదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు రెండు: వలసలో నష్టపోయేది ఎవరు, వాళ్ల ఖర్చు మోసే దేశంలో ప్రశ్నించే నోరు ఉందా?

ఆఖరి అటెంప్ట్‌కి ముందు ఈ టాపిక్ మీద నా నోట్స్ ఒకటిన్నర పేజీ. మా రూమ్మేట్ 40 దేశాల తేదీలతో గోడ నిండా చార్టు వేశాడు. నేను రెండు దేశాలు పట్టుకుని కూర్చున్నందుకు బద్ధకం అన్నాడు. బద్ధకం కాదు బ్రదర్. రోజూ ఏడింటికి లైబ్రరీలో కుర్చీ పట్టుకున్నవాణ్ని, పండగలకి కూడా ఊరెళ్లలేదు. తేదీలు తెలియడం వేరు, రెండు తేదీలు పక్కపక్కన ఎందుకున్నాయో తెలియడం వేరు. సరే, ఇది ఎక్కడికో పోతోంది.

2016లో పశ్చిమ ఆఫ్రికాలో చదువుకున్న వర్గం నాయకత్వం మీద అడిగారు, గుర్తుందా? ఆ వర్గానికి పార్టీ పెట్టి ఎన్నికల్లో నిలబడే చోటు ఎందుకు దొరికిందో రాయాలంటే పైన చెప్పిన భూమి సంగతే ఆధారం. 2017లో మలయా, అంటే ఇప్పటి మలేషియాలో భాగమైన బ్రిటిష్ వలస, అడిగారు. అది ఇంకా తమాషా కేసు: కమ్యూనిస్టులతో యుద్ధం 1948లో మొదలై, ఎమర్జెన్సీ 1960 దాకా నడిచింది, స్వతంత్రం మాత్రం మధ్యలో, 1957 ఆగస్టు 31నే వచ్చేసింది. పోరాటం ముగియకుండానే బ్రిటన్ ఎందుకిచ్చింది, ఎవరికిచ్చింది? ఆ రెండు ప్రశ్నలతో మీరే విప్పి చూడండి. నేను ఊరెళ్లే బస్సు ఎక్కాలి, అమ్మ అప్పుడే మూడుసార్లు ఫోన్ చేసింది.