భిన్నాల పాఠం ఇంటర్వ్యూకెక్కింది

"మీ ట్రైనింగ్ పనిచేసిందని ఎలా తెలుస్తుంది మేడమ్?" రుషికొండ ఐటీ హిల్ మీద ఇవాళ కార్పొరేట్ ట్రైనర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో, స్కూల్లో లెక్కలు చెప్పిన నాకు పడ్డ ప్రశ్న.

మార్కులు వచ్చాయంటే చాలదు. కార్పొరేట్ వాళ్లు ట్రైనింగ్ ఫలితం కొలవడానికి కిర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లు చూస్తారు: క్లాసు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, కంపెనీకి ఏం ఒరిగింది. మార్కులు రెండో మెట్టే.

అందుకే ఏడో తరగతి సంగతి చెప్పా. స్లిప్ టెస్టులో కొందరు 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశారు. కలిపితే అర కన్నా తగ్గిందేంట్రా అంటే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు! వాళ్లని విడిగా కూర్చోబెట్టి కాగితం మడిచి చూపించా. తర్వాత వేరే పాఠంలో, ఎవరూ గుర్తు చేయకుండా సరిగ్గా కూడుతున్నారా అని నోట్సులు తిరగేశా. ఇది మూడో మెట్టుకి దగ్గర.

రెజ్యూమెలో కూడా "గణితం బోధించాను" తీసేసి, టెస్టుతో లోపం పట్టడం, విడి సెషన్లు, తర్వాత వాడకం చూడటం అని రాశా. పేరెంట్స్ మీటింగ్‌ని "స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్" అని రాస్తే నాకే నవ్వొచ్చింది, కొట్టేశా.

నాలుగో మెట్టూ అడిగారు. స్కూల్లో ఆ లెక్క నేను చూడలేదని చెప్పేశా. కాల్ సెంటర్ బ్యాచ్ అయితే, ఒకే సమస్యకి కస్టమర్ మళ్లీ ఫోన్ చేయడం తగ్గిందా అని చూస్తానన్నా. ట్రైనింగ్‌కి ముందు నెల అంకె తీసి పెట్టుకోకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు కదా.

ఇంటర్వ్యూ చేసినాయన రాసుకున్నారు. వచ్చే వారం డెమో, టాపిక్ వాళ్లే ఇస్తారట.